బొటనవేలు చూసి ఎగిరిన డ్రోను

చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజుల్లో మా చోడవరం గాలికి తియ్యటి వాసన వస్తుంది. ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్నంతకాలం ఆ వాసన ఊరి మీద పల్చటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. బయటినుంచి వచ్చినవాళ్ళు ముక్కు ముడుచుకుంటారు గానీ, నాకు అది లేకపోతే పొద్దు పొడిచినట్టే ఉండదు. ఆ పొద్దుల్లో నేను టీ గ్లాసు పట్టుకుని పెరట్లో, జీడిమామిడి చెట్ల కింద, నా తేనెపెట్టెల పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. మంచు ఇంకా విడవదు. మాడుగుల వైపు కొండలు ఉన్నాయో లేవో తెలియదు. పెట్టెల్లోంచి మాత్రం, ఎవరో నిద్రలో కూనిరాగం తీస్తున్నట్టు సన్నగా రొద వస్తూ ఉంటుంది. అది వింటూ కూర్చుంటే నేను లేచానో, ఇంకా పడుకునే ఉన్నానో నాకే తెలిసేది కాదు.

మా ఆయనకు టౌన్లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వచ్చి రోజూ ఒకే మాట అనేవాడు.

"ఏటే, మళ్ళీ ఈగల కొలువు పెట్టేసేవా? ఆదివారం చర్చిలో కూడా ఇంత బుద్ధిగా కూకోవు."

"ఈగలు కాదు, తేనెటీగలు. నీ షాపులో మోటార్లకన్నా మంచివి. కరిసినా ఎందుకు కరిసేయో తెలుస్తాది."

"నీకూ వాటికీ సరిపోయింది. ఇద్దరికీ ముక్కు మీదే కోపం."

అందులో అబద్ధం లేదు. నాకు కోపం తొందర. మా అమ్మ నన్ను 'ఎండుమిరపకాయ్' అని పిలిచేది. కానీ పెట్టెల దగ్గర మాత్రం నాకు కోపం వచ్చేది కాదు. అక్కడ విసురుగా చెయ్యి కదిపితే కుట్టేస్తాయి. అందుకని అక్కడ మెల్లగా నడిచి, మెల్లగా మూత తీసి, మెల్లగా ఊపిరి పీల్చడం నేర్చుకున్నాను. పిల్లలు లేని ఇంట్లో పొద్దున్నే నిద్రలేచి చూసుకోవడానికి ఇంత జీవం ఉండటం నాకు ఎంత ఊరటో, అది ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు. చెబితే జాలిపడతారు, అది నాకు పడదు.

మా పెరటి కంచె దాటితే ఒక పెద్దాయన నువ్వుల చేను. నువ్వు పువ్వు చూడ్డానికి చిన్నది. తెల్లగా, లోపల లేత గులాబీ రంగు పులుముకుని, తలవంచుకుని వేలాడుతుంది. తేనెటీగ అందులోకి దూరితే తోక తప్ప ఏమీ కనిపించదు. ఆ చేను పూసినన్నాళ్ళూ నా పెట్టెలకు పండగే. అయితే చేనన్నాక పురుగు పడుతుంది, పురుగు పడితే మందు కొట్టాలి. వెనకటికైతే వీపు మీద ట్యాంకు మోసుకుని మనిషి వచ్చేవాడు. ఇప్పుడు డ్రోను వస్తోంది. చుట్టుపక్కల రైతులు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి డ్రోను తెచ్చింది. దాన్ని ఎగరేసేది మా వీధి కోడలే. ఇంటరు వరకు చదివింది, ట్రైనింగుకి వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. నన్ను 'అత్తా' అంటుంది. బంధుత్వం ఏమీ లేదు, చర్చిలో ఒకే వరసలో కూర్చుంటాం, అంతే.

ఎక్కడ ఎప్పుడు మందు కొట్టాలో చూసుకునేది సంఘం సూపర్‌వైజరు. వ్యవసాయం డిగ్రీ చదివిన కుర్రాడు, మంచివాడే, కాస్త నీటు ఎక్కువ. అతను ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. అందులో రైతులు, డ్రోను పిల్ల, బ్యాటరీలూ మందు డబ్బాలూ మోసే మనుషులు, చేను పక్కన తేనెపెట్టెలు ఉన్నాయి కాబట్టి నేను.

మొదట్లో ఆ గ్రూపు సంతలా ఉండేది. అతను "రేపు వడ్డాది వైపు స్ప్రే" అని పెడితే, ఒకరు "సరే బాబూ" అంటారు, ఇంకొకరు "సరే సార్" అంటారు, మరొకరు గులాబీ పువ్వుతో శుభోదయం పెడతారు. మా ఆయన మేనమామ ఒకాయన ఉన్నాడు, ఆయనైతే మందు కబురు కింద కూడా బైబిలు వాక్యం పెట్టేవాడు. ఈ సందట్లో అసలు కబురు ఎక్కడో పైకి కొట్టుకుపోయేది. ఒకసారి ఒక రైతు పాత కబురు చూసి తప్పు రోజున చేలో నిలబడ్డాడు. అప్పుడు సూపర్‌వైజరు చేతులు జోడించి బతిమాలాడు. అందరూ రాయొద్దు, కబురు మీద వేలు నొక్కిపట్టి బొటనవేలు బొమ్మ పెట్టండి చాలు, కబురు కిందే చిన్నగా కనిపిస్తుంది, ఎవరు పెట్టారో నొక్కి చూస్తే నాకు తెలుస్తుంది అన్నాడు.

బాగుందే అనుకున్నాం. నిజంగా బాగుంది కూడా. "బ్యాటరీలు ఛార్జింగ్ అయ్యాయి" అంటే బొటనవేలు. "ఆటో బయల్దేరింది" అంటే బొటనవేలు. "మందు వచ్చింది" అంటే బొటనవేలు. గ్రూపు ఊడ్చిన వాకిలిలా అయ్యింది. ముసలివాళ్ళు మాత్రం దేనికైనా దణ్ణం బొమ్మే పెట్టేవారు. ఆ దణ్ణానికి అర్థం సరే అనా, వద్దు బాబూ అనా, దయచేయమనా ఎవరికీ తెలిసేది కాదు. డ్రోను పిల్లయితే అన్నింటికీ ఎర్రటి గుండెకాయ పెట్టేది.

"పురుగుమందుకి గుండెకాయేటే?" అని అడిగాను ఒకసారి.

"మరేటి అత్తా, మన పనిని మనం ప్రేమించుకోవద్దా?" అని కిసుక్కున నవ్వింది.

నా బొటనవేలికి మాత్రం గ్రూపులో ప్రత్యేకమైన విలువ ఉండేది. చేనుకు మందు కొట్టే రోజున పెట్టెలు మూసి ఉండాలి. అది తెల్లారి చేసే పని కాదు. ముందురోజు పొద్దుగూకి, మేతకు వెళ్ళిన ఈగలన్నీ ఇల్లు చేరాక, గడప దగ్గర జాలీ పట్టీ బిగించాలి. పైన తడి గోనెసంచి కప్పాలి, లేకపోతే లోపల ఉడికిపోతాయి. మర్నాడంతా గోనె ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. మందు ఘాటు తగ్గాక, ఆ మర్నాటి పొద్దున తీయాలి. అందుకని సూపర్‌వైజరు నాకో మాట ఇచ్చాడు: "మీ బొటనవేలు పడితేనే ఆ చేలో డ్రోను లేస్తుంది మేడమ్." నాకు గర్వంగా అనిపించింది. ఒక్క వేలితో ఆకాశంలో యంత్రాన్ని ఆపగలను అనుకున్నాను. అమ్మో, ఎంత వెర్రిదాన్నో.

ఆ వారం మొదట్లో, మధ్యాహ్నం పూట, చర్చిలో స్త్రీల కూడికకు వెళుతూ ఫోను చూశాను. "శనివారం ఉదయం నువ్వుల చేలో స్ప్రే. పెట్టెలవాళ్ళు ముందురోజు సాయంత్రం మూసుకోగలరు." సరే, శుక్రవారం సాయంత్రం మూస్తే సరిపోతుంది అని లెక్క వేసుకున్నాను. బొటనవేలు పెట్టాను. ఫోను మూగగా చేసి సంచిలో వేసి చర్చి మెట్లెక్కాను.

తర్వాత తెలిసిన సంగతి ఇది. నేను బొటనవేలు పెట్టిన కాసేపటికి సూపర్‌వైజరుకి ఫోను వచ్చింది. గురువారం వెళ్ళాల్సిన ఊళ్ళో రైతు వద్దన్నాడు, డ్రోను ఖాళీ. సరే, నువ్వుల చేను గురువారానికి జరుపుదాం అనుకున్నాడు. కొత్త కబురు పెడితే రెండు కబుర్లు పక్కపక్కన ఉండి జనం మళ్ళీ పాతది చూసి గందరగోళపడతారని, పెట్టిన కబురునే తెరిచి, 'శనివారం' తీసేసి 'గురువారం' అని దిద్దాడు. దిద్దితే ఎవరి ఫోనూ మోగదు. కబురు మూలన, టైము పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో 'సవరించబడింది' అని పడుతుంది. కింద నా బొటనవేలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నేను శనివారానికి పెట్టిన వేలు, నాకు తెలియకుండానే గురువారం కింద నిలబడి ఉంది.

నాకు ఆ గ్రూపు మళ్ళీ తెరిచి చూడాల్సిన పనేముంది? చదివాను, వేలు పెట్టాను, అయిపోయింది. డ్రోను పిల్ల సాయంత్రం వంటయ్యాక తెరిచి చూసుకుంది. ఆమెకు కనిపించింది గురువారమే. అత్త బొటనవేలు ఉందా? ఉంది. ఇంకేం కావాలి?

గురువారం పొద్దున ఎప్పట్లాగే టీ పట్టుకుని కూర్చున్నాను. ఆవేళ మంచు మరీ దట్టం. చెట్ల మొదళ్ళు తప్ప కొమ్మలు కనిపించడం లేదు. పెట్టెల గడపల మీద ఈగలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, రెక్కలు ఒకసారి దులుపుకుని, ఆ తెలుపులోకి వెళ్ళి మాయమైపోతున్నాయి. అవి వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి రొద పెరిగింది. ఇంత గట్టిగా పాడుతున్నాయేమిటి, ఏదైనా పెట్టెలోంచి గుంపు లేచి కొత్త కాపురానికి పోతోందా అనుకున్నాను. కళ్ళు మూసుకుని ఇంకాస్త విన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆకాశమంతా ఒక పెద్ద తేనెపెట్టె అయిపోయి, నేను అందులో కూర్చున్నట్టుంది.

అప్పుడు వాసన తగిలింది. చెరకు తీపి కాదు. గొంతులో గీసుకునే వాసన.

గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు. కంచె ఎలా దాటానో తెలియదు, చీర చిరిగిన చోటు తర్వాత చూసుకున్నాను. మంచులో ఒక నల్లటి నీడ నాలుగు చేతులూ చాచుకుని చేను మీద నింపాదిగా జరుగుతోంది. దాని కిందనుంచి తెల్లటి తుంపర రాలుతోంది. గట్టు మీద డ్రోను పిల్ల మెడలో రిమోటు వేలాడేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది.

"ఒసే! ఆపే! దింపే దాన్ని! నా ఈగలన్నీ చేలోనే ఉన్నాయే!"

ఆమె ఉలిక్కిపడి నాకేసి తిరిగింది. డ్రోను గాల్లోనే ఆగింది. తుంపర ఆగింది. అది మెల్లగా వచ్చి గట్టు మీద దిగింది. రెక్కలు ఆగాక ఆమె గుడ్డ కిందకి లాగింది.

"అత్తా, పెట్టెలు మూయలేదేటి?"

"ఎందుకు మూస్తాను? శనివారం గదే స్ప్రే!"

"గురువారం అత్తా. నువ్వు బొటనవేలు కూడా పెట్టేవు. నీ వేలు సూసే గదా లేపేను!" అంటూ ఫోను తీసి చూపించింది. గురువారం. దాని కింద నా వేలు. నొక్కి చూపించింది, నా పేరు, నా ఫొటో. పండక్కి చీర కట్టుకుని నవ్వుతూ దిగిన ఫొటో.

నాకు మతిపోయింది. నేనే పెట్టానా? ఏ లోకంలో ఉండి పెట్టాను? ఒక్క క్షణం నా మీద నాకే అనుమానం వచ్చింది. తర్వాత మూలనున్న ఆ చిన్న ముక్క కనిపించింది. సవరించబడింది. అప్పుడు కోపం నషాళానికి అంటింది. ఆ పిల్ల చేతిలో ఫోను లాక్కుని చేలోకి విసరబోయాను. ఆమె అడ్డుపడలేదు. అందుకే విసరలేకపోయాను.

చేను సగం తడిసింది. నా ఈగలు ఆ సగంలోనూ ఉన్నాయి, ఈ సగంలోనూ ఉన్నాయి. ఇంటికి పరిగెత్తి గడపలు మూయబోతే వచ్చేవి బయట చిక్కుకుపోతాయి, మూయకపోతే లోపలున్నవి వెళ్ళి చస్తాయి. కుడితిలో పడ్డ ఎలుకలా పెట్టెల మధ్య తిరిగాను. చివరికి పట్టీలు బిగించాను. తిరిగి వచ్చినవి వచ్చినట్టే గడప మీద వాలి, లోపలికి పోలేక, వెల్లకిలా పడి రెక్కలతో గిరగిరా తిరిగాయి. నేను చూస్తూ నిలబడ్డాను. పేరు పెట్టని పిల్లలు ఇన్ని వేలమంది ఉంటే ఒక్కదాన్ని కూడా చేతిలోకి తీసుకుని ఓదార్చలేం. ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. మా ఆయన షాపు తాళాలు పట్టుకుని వచ్చి నన్ను చూసి, తాళాలు జేబులో వేసుకుని, గోనెసంచులు తడపడం మొదలుపెట్టాడు.

సాయంత్రం గ్రూపులో సూపర్‌వైజరు రాశాడు. "ఈరోజు జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." దాని కింద బొమ్మలు పడటం మొదలైంది. కన్నీటి ముఖాలు, దణ్ణాలు, ఎవరో అలవాటుకొద్దీ బొటనవేలు. నా ఫోను మాత్రం కిక్కురుమనలేదు, ఎవరైనా బొమ్మ పెడితే, కబురు రాసినవాడి ఫోనే మోగుతుంది. నేనే తెరిచి చూశాను, నాకు అదో దురద. చూస్తుండగానే ఆ కబురు కదిలింది. 'అసౌకర్యానికి' పోయి 'నష్టానికి' అయ్యింది. మూలన మళ్ళీ ఆ చిన్న ముక్క. కన్నీళ్ళూ దణ్ణాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"సూసేవా? క్షమాపణ కూడా దిద్దుతున్నాడు!" అన్నాను.

"పోనీవే. ఏదో ఒకటి అన్నాడు గదా. నువ్వూ ఒక దణ్ణం పడీ, గొడవ ఒదిలిపోద్ది," అన్నాడు మా ఆయన.

"నా పీనుగ మీద కూడా వేలే పెడతావేటి నువ్వు?"

నేను ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, మిగిలినవాటినైనా దక్కించుకోవాలి. తర్వాతి పొద్దు గడపలు తీసి, తడవని వైపు ఎన్ని తిరుగుతున్నాయో చూశాను. బయటికెళ్ళే ఈగలే ఎక్కువ పోయాయి. లోపల రాణులు, పిల్లల్ని సాకే లేతవి చాలావరకు బతికాయి. కానీ కొన్ని పెట్టెలు చిక్కిపోయాయి, పట్టుల మీద ఈగలు పల్చగా ఉన్నాయి. అలాంటి రెండింటిని కలిపాను. ఉన్నపళంగా కలిపితే కొట్టుకు చస్తాయి. అందుకని ఒక రాణిని తీసేసి, కింది పెట్టె మీద పాత పేపరు పరిచి, దానికి సూదితో బెజ్జాలు చేసి, రెండోదాన్ని పైన పెట్టాలి. ఆ కాగితాన్ని రెండువైపులనుంచీ కొరుక్కుంటూ, ఒకరి వాసన ఒకరికి అలవాటయ్యాక, ఒకే కాపురం అయిపోతాయి. ఆ రోజంతా కాగితం కొరికే చప్పుడు వింటూ పీట మీదే ఉన్నాను. పొడిపొడిగా, పల్చటి వాన మొదలైనట్టు ఉంది ఆ చప్పుడు. ఎండ జరిగింది, నీడ జరిగింది, నేను జరగలేదు. వడ్డాది బస్సు హారను ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వినిపించింది.

మధ్యాహ్నం ఎప్పుడో పెద్దాయన కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు, తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ.

"అమ్మాయ్, సెప్పడానికి నోరు రావట్లేదు. సగం సేను కొట్టనేదు కదా, పురుగంతా ఇటేపుకి పోతంది. నువ్వు వద్దంటే ఒగ్గేస్తాను."

నేను వద్దంటే మానేస్తానని ఆయన అన్నందుకే నాకు వద్దనాలనిపించలేదు. ఆ చేను ఎండితే నా ఈగలకు మాత్రం ఏం మిగులుతుంది?

"కొట్టుకోండి పెద్దాయనా. రేపు పొద్దున్నే కానీండి. నా పెట్టెలు నేను సూసుకుంటాను," అన్నాను.

ఆ సాయంత్రం పొద్దుగూకాక ఈగలన్నీ లోపలికి చేరేదాకా కూర్చున్నాను. ఎప్పుడూ వచ్చేంత రద్దీ లేదు. ఒక్కొక్కటీ వచ్చింది, గడప మీద ఆగింది, లోపలికి పోయింది. చివరిది పోయాక పట్టీలు బిగించి, తడి గోనెలు కప్పి, ఒక్కో పెట్టె మీదా చెయ్యి వేసి ఉంచాను. చెక్క వెచ్చగా ఉంది.

గ్రూపులో మాత్రం ఏమీ పెట్టలేదు. మా ఆయన ఫోన్లో చూసి చెప్పాడు, సూపర్‌వైజరు కొత్త కబురు పెట్టాడట, ఈసారి పెద్ద అక్షరాలతో. అందరి బొటనవేళ్ళూ పడ్డాయట, నాది తప్ప. నా ఫోను బియ్యంలోనే ఉంది. పెట్టను. ఆ బొమ్మ ఒకసారి నా పేరు మీద నా ఈగల్ని చంపించింది. ఇంకోసారి పెడతానా? చస్తే పెట్టను. పెట్టెలు మూశాను గదా, ఎగరేసుకుంటే ఎగరేసుకోనీ అనుకున్నాను. కోపంలో ఉన్నదానికి బుద్ధి ఎక్కడుంటుంది? మూసినట్టు నాకు తప్ప ఎవరికి తెలుసు?

తెల్లారింది. మంచు లేదు ఆవేళ. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పీట వేసుకుని కూర్చుని డ్రోను రొద కోసం చెవులు రిక్కించాను. రాలేదు. పెట్టెలు మూసి ఉండటంతో వాటి రొద కూడా అణిగిపోయింది. ఇన్నేళ్ళలో మా పెరట్లో అంత నిశ్శబ్దం నేను ఎరగను. ఎండ కంచె ఎక్కింది. పెద్దాయన దగ్గు వినిపించింది. ఎవరో బ్యాటరీ పెట్టె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. సూపర్‌వైజరు గొంతు వినిపించింది.

"లేపమ్మా, గాలొచ్చేస్తాది. ఆవిడకి నిన్ననే తెలుసు. పెద్దాయనతో తనే సెప్పింది గదా."

"నాకు సెప్పనేదు సార్," అంది డ్రోను పిల్ల.

"అందరూ బొటనవేలు పెట్టేరు గదా."

"అత్త పెట్టనేదు. పెట్టినా లేపను."

తర్వాత అడుగుల చప్పుడు. ఆమె కంచె చుట్టూ తిరిగి, మా వాకిట్లోంచి, ఇంటి పక్కగా పెరట్లోకి వచ్చింది. రిమోటు మెడలో లేదు. చెప్పులు బయటే విడిచింది. నన్ను పలకరించకుండా, నన్ను చూడకుండా, మొదటి పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గడప దగ్గర పట్టీని వేలితో తడిమింది. గోనె కిందకి తల వంచి చెవి ఆనించింది. లేచి రెండో పెట్టె దగ్గరికి వెళ్ళింది. అలా ప్రతి పెట్టె దగ్గరా కూర్చుంది, ప్రతిదానికీ చెవి ఆనించింది. రెండింటిని కలిపిన పెట్టె దగ్గర ఎక్కువసేపు ఉంది. గోనె నీళ్ళు ఆమె జుట్టులోంచి మెడ మీదకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

చివరి పెట్టె దగ్గరనుంచి లేచి నా ముందుకొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా నేను ఆ పిల్ల మొహం చూడలేదు. ఆమె కూడా నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

"అన్నీ మూసే ఉన్నాయి గదే. మళ్ళీ ఏటి నీకు?" అన్నాను కటువుగా.

"సూసేను అత్తా. నువ్వు సెప్పు."

"సూసేక సెప్పడం ఏటి?"

"బొమ్మ సూసి లేపేను ఆవేళ. ఒక్క ఫోను సేసి అడగొచ్చు గదా నాను. రెండిళ్ళ అవతలున్నాను. నడిచొచ్చి అడగొచ్చు గదా. అడగనేదు." చేను వైపు చెయ్యి చూపించింది. "నీ నోటితో నువ్వు సెప్తేనే లేపుతాను. లేదంటే ఆ డ్రోను ఆటో ఎక్కించేసి ఇంటికెళ్ళిపోతాను. ఇంక ముట్టుకోను దాన్ని."

ఇన్ని బొమ్మలు పడ్డాయి, ఇంత పెద్ద క్షమాపణ పడింది, మళ్ళీ దిద్దుకుంది. నా ముందుకొచ్చి నిలబడింది ఈ ఒక్క పిల్ల. తిడతానని తెలిసి వచ్చింది. తిట్టాలనే ఉంది నాకు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇప్పుడు నేను నోరు తెరిచి చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. అది చెబితే కోపం ఇక మిగలదు. అందుకే అది అంత బరువుగా ఉంది. చచ్చిన ఈగల్ని ఊడ్చి చెట్టు మొదట్లో పోశాను, ఆ కుప్ప ఇంకా అక్కడే ఉంది. ఆమె దాన్ని తొక్కకుండా పక్కనుంచి వచ్చింది, అది కూడా చూశాను.

లేచి నిలబడ్డాను. ఆమె మెడ మీద నీళ్ళు నా కొంగుతో తుడిచాను.

"మూసేనే," అన్నాను. "అన్నీ మూసేను. ఎల్లి ఎగరేసుకో."

ఆమె తలూపలేదు. నవ్వలేదు. నా మాట నాకే తిరిగి చెప్పింది.

"మూసేవు. ఎగరేసుకోమన్నావు."

"అవును."

వెళ్ళింది. కాసేపటికి చేను మీద రొద లేచింది. నేను పెట్టెల మధ్య కింద కూర్చుని, కలిపిన పెట్టెకు చెవి ఆనించాను. లోపల రెండు ఇళ్ళ ఈగలు, ఏది ఏ ఇంటిదో తెలియకుండా, కలిసి పాడుతున్నాయి.